ఇంకుడు గుంత ఎంత లోతుంటే అంత మంచిదా?

అపోహ: గుంత ఎంత లోతుగా తీస్తే అంత ఎక్కువ నీరు ఇంకుతుంది.

వాస్తవం: నీళ్ళు ఎక్కడో అడుగున ఉండే మెట్ట ప్రాంతాల మాట అది. మన భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు లెక్క వేరు. వానాకాలం చివరికి చాలాచోట్ల బావిలో నీరు పదడుగుల లోపే అందుతుంది. అలాంటి నేలలో పన్నెండడుగులు తవ్విస్తే గుంత అడుగు నీళ్ళలోనే కూర్చుంటుంది. అది రాళ్ళు పోసిన బావి అవుతుంది తప్ప ఇంకుడు గుంత కాదు. వానలు పడే రోజుల్లోనే నిండి ఉంటుంది కాబట్టి స్లాబు మీది నీళ్ళకు చోటుండదు. పైగా వడకట్టే మట్టి మధ్యలో లేక పక్షుల రెట్టలు, ధూళి నేరుగా భూగర్భ జలంలో కలుస్తాయి. ‘పక్కింటివాళ్ళు పదిహేనడుగులు తీయించారట’ అని మేస్త్రీకి చెప్పే ముందు ఒక పని చేయండి. కార్తీక మాసంలో దగ్గరలోని బావిలోకి తాడు వదిలి, నేల మట్టం నుంచి నీరు ఎంత లోతులో ఉందో కొలవండి. గుంత అడుగు ఆ నీటికి కనీసం నాలుగడుగులు పైన ఆగాలి.

ఒక ఇల్లు తీసుకుందాం. స్లాబు 1,000 చదరపు అడుగులు, ఇసుక కలిసిన నేల, కార్తీకంలో నీరు 8 అడుగుల్లో. అంటే గుంత లోతు 4 అడుగులే. లోతు పెంచలేం కాబట్టి వెడల్పు పెంచుతాం: 8 × 6 అడుగులు. 25 మిల్లీమీటర్ల వాన పడితే ఈ స్లాబు నుంచి సుమారు 2,000 లీటర్లు దిగుతాయి.

గుంత మొత్తం 192 ఘనపుటడుగులు కదా, 5,400 లీటర్లు పడతాయనుకోవద్దు. రాళ్ళ మధ్య సందులు మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. మూడడుగులు నింపి పైన అడుగు ఖాళీ వదిలితే దాదాపు 2,700 లీటర్లు పడతాయి. ఆ వానకు సరిపోతుంది, మిగులు కూడా ఉంటుంది.

తవ్వించే ముందు ఇంకుదల చూడాలి. అనుకున్న లోతులో అడుగు గొయ్యి తీసి, నీళ్ళు పోసి నానబెట్టి, మళ్ళీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. గంటకు రెండంగుళాలు దిగితే ఈ గుంత గంటకు 225 లీటర్లు తాగుతుంది, నిండినా పన్నెండు గంటల్లో ఖాళీ అవుతుంది. నల్లరేగడి బంకమట్టిలో గంటకు రెండు మూడు మిల్లీమీటర్లు దిగడమే గొప్ప. అక్కడ అదే గుంత ఖాళీ కావడానికి వారం పైనే పడుతుంది, ఈలోపు ఇంకో వాన వస్తుంది. అలాంటి నేలలో గుంత మానేసి సంపు కట్టుకోండి. వాన నీళ్ళు నిల్వ చేసి వాడుకోవడమే లాభం.

అపోహ: ఇసుక అడుగున పోయాలి.

ఇసుక పైనే ఉండాలి. అడుగున ఒకటిన్నర అడుగు పెద్ద రాళ్ళు, దాని మీద అడుగు 20 ఎం.ఎం. కంకర, నైలాన్ దోమతెర, ఆ పైన అర అడుగు దొడ్డిసుక. బురద ఇసుక పైపొరలోనే ఆగుతుంది, ఏడాదికోసారి రెండంగుళాలు గీకి తీసేసి కొత్తది పోస్తే చాలు. ఇసుక అడుగునుంటే గుంత మొత్తం తోడాలి. సన్న ఇసుక వద్దు, త్వరగా పూడుకుపోతుంది. కంకర కడిగి పోయండి, లేకపోతే క్రషర్ పొడి మొదటి వానకే అడుగున పేరుకుంటుంది. బొగ్గు అక్కర్లేదు. పక్కలు కూలకుండా ఇటుకలు సందులు వదిలి కట్టి, గోడను నేల మీదికి 9 అంగుళాలు లేపండి.

కంకర పోసేటప్పుడే ఒక మూలన అడుగుదాకా చిల్లుల పైపు నిలబెట్టండి. వాన వెలిసిన మర్నాడు కూడా ఇసుక మీద నీళ్ళు నిలిచి ఉంటే ఆ పైపులోకి చూడండి. పైపు ఖాళీగా ఉంటే ఇసుక పూడిపోయింది, గీకాలి. పైపులోనూ నీళ్ళుంటే నేలే తాగడం లేదు, ఇసుక మార్చినా ఫలితం లేదు.

ఎక్కువైన నీరు పోయే పైపు దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. తుఫాను రోజుల్లో వీధి కాలువ పొంగితే ఆ మురుగు అదే పైపు గుండా గుంతలోకి వెనక్కి వస్తుంది. పైపును కాలువ పొంగే మట్టం కంటే పైన పెట్టండి. కుదరకపోతే వెనక్కి రానివ్వని వాల్వు బిగించండి. స్లాబు నుంచి దిగే పైపుకు కూడా ఒక వై జాయింటు, బాల్ వాల్వు పెట్టి, వేసవి తర్వాత మొదటి ఒకటి రెండు వానలు బయటికి వదిలేయండి.

అపోహ: గుంత తీస్తే ఉప్పు బోరు నీళ్ళు తియ్యగా మారతాయి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక, పైన తేలుతుంది. ఒక ఇంటి గుంత ఇచ్చే నీళ్ళు పై పొరకే చేరతాయి, లోతు బోరు రుచి మారదు. తక్కువ లోతు ఫిల్టర్ పాయింటుకు కొంత మేలు జరగొచ్చు, అది కూడా మోటారు అదేపనిగా వేయకపోతేనే. ఆ బోరు కేసింగులోకే స్లాబు పైపు కలిపేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి.

పునాదికి పదడుగుల ఎడం ఉంచండి. సెప్టిక్ ట్యాంకుకు స్థలంలో ఎంత దూరం కుదిరితే అంత దూరంగా, ఇంటికి అవతలి పక్కన తీయించండి.