దశాంశ సంఖ్యల పాఠాన్ని అందరూ కలిసి రాస్తే: లెసన్ స్టడీ నడిచే తీరు

0.4, 0.35లలో ఏది పెద్దదని ఆరో తరగతి పిల్లలను అడిగితే, 35 కన్నా 4 చిన్నది కాబట్టి 0.35 పెద్దదని చెప్పేవారు కొందరు తప్పక ఉంటారు. ఈ పొరపాటు గణితం చెప్పే వారందరికీ తెలిసినదే. అయితే నల్లబల్ల దగ్గర నిలబడి తరగతి మొత్తానికి పాఠం చెబుతున్న ఒక్కరికి, ఏ విద్యార్థి ఏ ఆలోచనతో ఆ జవాబుకు చేరుకున్నాడో చూసే వీలుండదు. ఒకే పాఠాన్ని కొందరు ఉపాధ్యాయులు కలిసి తయారుచేసి, ఒకరు బోధిస్తుండగా మిగిలినవారు పిల్లలను గమనించి, ఆ తర్వాత పాఠాన్ని సవరించుకునే లెసన్ స్టడీ ఈ లోటును పూరిస్తుంది. జపాన్ పాఠశాలల్లో ఎంతోకాలంగా ఉన్న ఈ పద్ధతి, జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ 1999లో వెలువరించిన పుస్తకంతో ఇతర దేశాల ఉపాధ్యాయులకు విస్తృతంగా పరిచయమైంది.

విశాఖపట్నంలోని కంచరపాలెం ప్రాంతంలో ఒకే స్కూల్ కాంప్లెక్సుకు చెందిన ఐదుగురు గణిత ఉపాధ్యాయులు ఈ పాఠాన్నే ఎంచుకున్నారనుకుందాం. వారి పనిలో ఎక్కువ సమయం పట్టేది, పట్టవలసినది కూడా, ప్రణాళిక దశే. పిల్లలకు మొదట ఏ సంఖ్యలు ఇవ్వాలన్న ఒక్క ప్రశ్నపైనే ఒక సమావేశమంతా గడిచినా అది వృథా కాదు.

0.6, 0.75 ఇచ్చారనుకోండి. దశాంశ బిందువు తర్వాతి అంకెలను మామూలు పూర్ణసంఖ్యగా చదివే విద్యార్థి కూడా, 6 కన్నా 75 పెద్దదని సరైన జవాబే చెబుతాడు. తప్పు ఆలోచన బయటపడకుండానే పాఠం ముందుకు సాగిపోతుంది. 0.4, 0.35 ఇస్తే ఆ విద్యార్థి దొరుకుతాడు. కానీ మరో రకం పొరపాటు ఉంది: శతాంశాలు దశాంశాల కన్నా చిన్నవి కాబట్టి, బిందువు తర్వాత ఎక్కువ అంకెలున్న సంఖ్య ఎప్పుడూ చిన్నదేనని కొందరు పిల్లలు నమ్ముతారు. వారు ఈ జతకు సరిగ్గానే జవాబిస్తారు. వారి ఆలోచన తెలియాలంటే 0.3, 0.45 వంటి రెండో జత కావాలి. అందుకే ప్రణాళికలో ఉపాధ్యాయుడు వేసే ప్రశ్న పక్కనే, పిల్లలు ఇవ్వగల జవాబులు, ప్రతి జవాబు వెనుక ఉండగల కారణం, దానికి ఉపాధ్యాయుడు స్పందించవలసిన తీరు రాసుకుంటారు. నా దృష్టిలో లెసన్ స్టడీకి ప్రాణం ఈ పట్టికే. ఇది లేకపోతే పరిశీలకులకు ఏం చూడాలో తెలియదు.

బోధన రోజున ఒకరు పాఠం చెబుతారు. మిగిలిన నలుగురూ సీటింగ్ చార్టు చేతపట్టుకుని, తలా ఇద్దరు ముగ్గురు పిల్లల దగ్గర ఉండి, వారు రాసినది, కొట్టివేసినది, పక్కవారితో అన్నది సమయంతో సహా నమోదు చేస్తారు. తప్పు కళ్ల ముందే కనిపిస్తున్నా సాయం చేయకూడదు. చేస్తే ఆ విద్యార్థి ఆలోచన ఎటు వెళ్లేదో తెలుసుకునే అవకాశం పోతుంది. మనలాంటి ఉపాధ్యాయులకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే.

మొదటి ప్రణాళికలో ఈ బృందం, పిల్లలకు పరిచయమైనదన్న ఉద్దేశంతో, సంఖ్యలను రూపాయల్లో ఇచ్చిందనుకుందాం. మూడో వరుసలోని ఒక అమ్మాయి నోటుపుస్తకంలో 0.4 పక్కన “4 పైసలు”, 0.35 పక్కన “35 పైసలు” అని రాసుకున్నట్లు పరిశీలకురాలి కాగితంలో ఉంటుంది. సాయం కోసం తెచ్చిన సందర్భమే ఇక్కడ పొరపాటుకు ఊతమిచ్చింది. నల్లబల్ల దగ్గరున్న ఉపాధ్యాయుడికి ఇది కనిపించే అవకాశమే లేదు.

పాఠం అయిన రోజే చర్చ జరగాలి. మొదట బోధించిన వ్యక్తి, తర్వాత పరిశీలకులు, చివర బయటి నుంచి వచ్చిన విషయ నిపుణుడు మాట్లాడతారు. “మేడమ్, చాలా బాగా చెప్పారు” అన్న మాటలతోనే చర్చ నిండిపోతే, అందరూ పిల్లలను కాక ఉపాధ్యాయురాలిని చూశారని అర్థం. అప్పుడు “ఏ విద్యార్థి, ఏ నిమిషంలో, ఏం రాశాడు?” అని అడిగి చర్చను కాగితాల్లోని ఆధారాల వైపు మళ్లించాలి.

పైసల కాగితాన్ని చూశాక సవరణ ఏమిటో తేలికగానే తెలుస్తుంది. రూపాయల బదులు వంద గడుల చతురస్రం ఇస్తారు. 0.4కు నాలుగు నిలువు వరుసలు, 0.35కు మూడు వరుసలతో పాటు మరో ఐదు గడులు రంగు వేసినప్పుడు, 4 దశాంశాలంటే 40 శతాంశాలని పిల్లలు తామే లెక్కపెట్టి చూస్తారు. సంఖ్యల జతలు మాత్రం మారవు.

సవరించిన పాఠాన్ని మరో ఉపాధ్యాయురాలు బి సెక్షన్‌లో చెబుతారు. అక్కడ ఫలితం మెరుగైనా, అది సవరణ వల్లనేనని రుజువైనట్లు కాదు, ఎందుకంటే పిల్లలు వేరు, బోధించిన వారూ వేరు. పైసల పొరపాటు మళ్లీ రాలేదా, గడులను లెక్కించి పోల్చిన పిల్లలు బొమ్మ లేకుండా కూడా అదే కారణం చెప్పగలుగుతున్నారా అన్నవే ఇక్కడ చూడగలిగినవి. అందుకోసం వారం తర్వాత రెండు సెక్షన్లకూ 0.6, 0.58 ఒక జతగా, 0.2, 0.27 మరో జతగా ఇచ్చి, జవాబుతో పాటు కారణాన్నీ ఒక వాక్యంలో రాయమంటారు. ఆ వాక్యాలను పరిశీలకుల కాగితాలతో, రెండు ప్రణాళికలతో కలిపి భద్రపరిస్తే, వచ్చే ఏడాది ఈ పాఠం చెప్పేవారు పైసల దగ్గర మళ్లీ మొదలుపెట్టనవసరం ఉండదు.