స్లైడ్ శీర్షికలు: అపోహలు - వాస్తవాలు

యాజమాన్యం ముందుకు వెళ్లబోయే ప్రెజెంటేషన్లను ముందుగా చదివి సరిదిద్దడం నా వృత్తి. ఏ రంగం నుంచి వచ్చినా వాటిలో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి: నేపథ్యం, డేటా, విశ్లేషణ, సవాళ్లు, ముందు చేయవలసినవి. స్లైడ్‌లోని సమాచారమంతా చెరిపేసి ఈ శీర్షికలను మాత్రమే ఉంచితే అది మందుల కంపెనీ నివేదికో, వంతెన మరమ్మతు ప్రతిపాదనో ఎవరూ చెప్పలేరు. శీర్షికలో విషయం పేరు కాక, తేలిన సంగతినే పూర్తి వాక్యంగా రాయమని నేను రాసే వ్యాఖ్యకు ప్రతిసారీ దాదాపు అవే సమాధానాలు వస్తున్నాయి కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట చేర్చి చర్చిస్తున్నాను.

అపోహ: శీర్షికలో విషయం పేరు ఉంటే చాలు. తేలిన సంగతి చివరి స్లైడ్‌లో చెబుతాం.

వాస్తవం: అన్నింటికంటే ఎక్కువ నష్టం కలిగించే అపోహ ఇదే. ఇది ఎలా దెబ్బతీస్తుందో చూడడానికి 1986 జనవరి 27 రాత్రి జరిగిన ఒక టెలిఫోన్ సమావేశాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. మర్నాడు ఉదయం ఫ్లోరిడాలో ఛాలెంజర్ వ్యోమనౌకను ప్రయోగించవలసి ఉంది. రాత్రి చలి తీవ్రంగా ఉంటుందని తెలియగానే, దాని బూస్టర్ రాకెట్లను తయారుచేసిన మోర్టన్ థియోకాల్ సంస్థ ఇంజనీర్లు ఆందోళన చెందారు. బూస్టర్ భాగాలు కలిసే కీళ్ల వద్ద వేడి వాయువు బయటకు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు చలికి బిగుసుకుపోయి సకాలంలో కీలును మూయలేవని వారి భయం. వారు కొద్ది గంటల్లో 13 చార్టులు సిద్ధం చేసి, యూటా నుంచి ఫ్యాక్స్‌లో నాసా కేంద్రాలకు పంపారు. వాటిలో చాలా భాగం చేతిరాతలోనే ఉన్నాయి కనుక ఈ తప్పును ఏ సాఫ్ట్‌వేర్ మీదా నెట్టే వీలు లేదు.

ఆ చార్టుల పైన ఉన్న శీర్షికలు ‘వాయువు దాటిన చరిత్ర’, ‘ఓ-రింగు ఉష్ణోగ్రతల చరిత్ర’, ‘నిర్ధారణలు’, ‘సిఫార్సులు’ అనే ధోరణిలో సాగాయి. మొదటిదాని కింద ఒక అమూల్యమైన పరిశీలన ఉంది. అంతవరకు జరిగిన ప్రయోగాల్లో కెల్లా చల్లగా, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద, అంటే దాదాపు 12 సెల్సియస్ వద్ద జరిగిన ప్రయోగంలో, రింగును దాటిన వాయువు మిగిల్చిన మసి 75 డిగ్రీల వద్ద జరిగిన మరో ప్రయోగంలో కంటే చాలా ఎక్కువగా ఉందని అందులో రాశారు. వలయం చుట్టూ ఆ మసి కనీసం రెట్టింపు పొడవున పరుచుకుంది. ఇంజనీర్ల వాదనకు ప్రాణం ఈ మాటే. అయితే అది శీర్షికలో లేదు, కింద ఒక పంక్తిగా ఉండిపోయింది. ఇక ‘నిర్ధారణలు’ అన్న చార్టులో మొదటి వాక్యం, వాయువు దాటడాన్ని నియంత్రించేది ఓ-రింగు ఉష్ణోగ్రత ఒక్కటే కాదన్నది. ఆ మాట నిజమే. కానీ ప్రయోగం ఆపమని కోరడానికి వచ్చినవారు తమ నిర్ధారణలను అవతలి పక్షం వాదనతో మొదలుపెట్టినట్లయింది. వినేవారు 75 డిగ్రీల ప్రయోగాన్నే పట్టుకున్నారు. వెచ్చగా ఉన్నప్పుడూ వాయువు దాటింది కదా, మరి చలిని ఎలా తప్పుపడతారని అడిగారు. కొంత సేపటికి థియోకాల్ యాజమాన్యం తమ ఇంజనీర్ల సిఫార్సును వెనక్కి తీసుకుంది. మర్నాడు 36 డిగ్రీల వద్ద, అంటే సుమారు 2 సెల్సియస్ వద్ద పైకి లేచిన నౌక 73 సెకన్లకు ఛిన్నాభిన్నమై, ఏడుగురు మరణించారు.

ఇప్పుడు ఆ శీర్షికలను పూర్తి వాక్యాలుగా మార్చి చూద్దాం. మొదటిది ‘ఇంతవరకు 53 డిగ్రీల కంటే చల్లని కీలుతో మనం ఏ నౌకనూ ప్రయోగించలేదు’ అవుతుంది. రెండవది ‘75 వద్ద కూడా వాయువు దాటింది, కానీ 53 వద్ద జరిగిన నష్టం దానికి కనీసం రెట్టింపు’ అవుతుంది. మూడవది ‘రేపటి కీలు దాదాపు 29 డిగ్రీల వద్ద ఉంటుంది, అంటే మన అనుభవానికి పూర్తిగా వెలుపల ఉంటుంది’ అవుతుంది. నాలుగవది ‘కాబట్టి రింగు 53 డిగ్రీలకు చేరేవరకు ప్రయోగించవద్దు’ అవుతుంది. ఈ నాలుగు వాక్యాలను కింద ఏమీ లేకుండా చదివినా ఒక వాదన నిలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, రెండవ శీర్షిక రాయబూనిన ఇంజనీరు 75 డిగ్రీల ప్రశ్నను సమావేశానికి ముందే, తన బల్ల దగ్గరే ఎదుర్కోవలసి వస్తుంది.

ఇంకొక మెట్టు పైకి వెళ్దాం. ‘చల్లబడిన కొద్దీ రింగులు దెబ్బతింటాయి’ అని శీర్షిక రాస్తే, దాని కింద ఉండవలసిన బొమ్మ ఏమిటి? దెబ్బతిన్న రెండు ప్రయోగాలు సరిపోవు. దెబ్బతినని ప్రయోగాలతో సహా అన్నీ ఉండాలి. ఆ బొమ్మ ఆ రాత్రి చార్టుల్లో లేదు. ప్రమాదం తర్వాత విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ దాన్ని గీసింది. 66 డిగ్రీలు, అంతకు పైన జరిగిన ఇరవై ప్రయోగాల్లో మూడింటిలోనే రింగులకు వేడి దెబ్బ కనిపించగా, 63 డిగ్రీలు, అంతకు దిగువన జరిగిన నాలుగింటిలోనూ కనిపించింది. శీర్షికగా రాసిన వాక్యం తనకు కావలసిన ఆధారాన్ని తానే అడుగుతుంది. ‘చరిత్ర’ అన్న శీర్షిక కింద ఏ రెండు అంకెలు పెట్టినా అది ఊరుకుంటుంది. ఇదంతా తీరిగ్గా కూర్చుని చెప్పడం నాకు తేలిక. గంటల వ్యవధిలో, కాదనాలనుకుంటున్న వారి ముందు, సరైన మాటే చెప్పిన ఆ ఇంజనీర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. శీర్షికలు మారి ఉంటే నౌక ఆగి ఉండేదని కూడా నేను అనను.

అపోహ: పూర్తి వాక్యం రాస్తే శీర్షిక సరైనట్లే.

వాస్తవం: కాదు. దీనికి రుజువు కూడా నాసా నుంచే వస్తుంది. 2003 జనవరిలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురితో వెళ్లిన కొలంబియా నౌక ఎడమ రెక్కకు, ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క తగిలింది. దాని ప్రభావాన్ని అంచనా వేసిన బోయింగ్ ఇంజనీర్ల స్లైడ్ ఒకదాని శీర్షిక, నౌకను వేడి నుంచి కాపాడే టైళ్లలోకి ముక్క చొచ్చుకుపోయే లోతు విషయంలో పరీక్షల డేటా తమ లెక్క జాగ్రత్తవైపే ఉందని సూచిస్తోందన్న అర్థంలో ఉంది. విషయం పేరు కాదు, తేల్చి చెప్పిన మాటే. చదివినవారికి ప్రమాదం లేదన్న భావనే మిగిలింది. అదే స్లైడ్‌లో అట్టడుగు పంక్తి మాత్రం, తగిలిన ముక్క ఘనపరిమాణం 1920 ఘనపు అంగుళాలనీ, పరీక్షలో వాడినది 3 ఘనపు అంగుళాలనీ చెబుతోంది. అంటే 640 రెట్ల తేడా. శీర్షికను తలకిందులు చేసే వాస్తవం అన్నింటికంటే చిన్న అక్షరాల్లో ఉంది. నౌక ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కూలిపోయాక, దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఈ స్లైడ్‌నే ప్రచురించి విమర్శించింది.

కాబట్టి శీర్షిక రాశాక స్లైడ్‌ను కింది నుంచి పైకి చదవాలని నేను పట్టుబడతాను. ప్రతి పంక్తి దగ్గరా ఆగి, ఇది నిజమైతే శీర్షిక ఇంకా నిలుస్తుందా అని అడగాలి. నిలవకపోతే ఆ పంక్తే శీర్షిక కావాలి. కొలంబియా స్లైడ్‌కు ఈ పద్ధతిలో వచ్చే శీర్షిక ఇది: ‘తగిలిన ముక్క మేము పరీక్షించిన వాటికి 640 రెట్లు పెద్దది, కనుక ఈ లెక్క ఇక్కడ వర్తిస్తుందని చెప్పలేము.’

అపోహ: తేల్చి చెప్పడం పెద్దల పని, మనం రాస్తే హద్దు మీరినట్లు ఉంటుంది.

వాస్తవం: ఈ భయం ఉన్నవారి మీద నాకు కోపం రాదు. హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీలో నాణ్యతా విభాగానికి చెందిన ఒక అమ్మాయి ‘స్థిరత్వ పరీక్ష ఫలితాలు’ అన్న శీర్షికతో స్లైడ్ తెచ్చింది. 40 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ వద్ద ఉంచిన మాత్రలు మూడో నెలకే పరిమితి కంటే నెమ్మదిగా కరుగుతున్నాయి. 30 డిగ్రీల వద్ద ఉంచినవి బాగానే ఉన్నాయి. ఆ మాటే పైన రాయమన్నాను. “సార్, ప్యాకింగ్ మార్చాలా వద్దా అన్నది మేనేజరు గారు తేల్చాలి కదండీ, నేను రాస్తే ఏమనుకుంటారో” అంది. ప్యాకింగ్ మార్చమనడం నిర్ణయం, అది ఆయనదే. మాత్ర పరిమితి దాటిందనడం ఆ అమ్మాయి స్వయంగా కొలిచి చూసిన విషయం. శీర్షికలో రెండవది రాస్తే చాలు. ‘40 డిగ్రీల వద్ద మూడో నెలకే మాత్రలు పరిమితి దాటాయి, 30 వద్ద దాటలేదు’ అన్న వాక్యం ఎవరి అధికారాన్నీ తీసుకోదు. ఏదీ తేలనప్పుడు కూడా ఇదే దారి: ‘కారణం ఇంకా తెలియలేదు, కానీ తేమ కాదని తేలింది’ అన్నది నిక్కచ్చి అయిన శీర్షికే. తెలియనిదాన్ని తెలిసినట్లు రాయమని ఎవరూ అడగడం లేదు.

మిగిలినవాటిని వేగంగా ముగిస్తాను. శీర్షిక ఒక పంక్తి దాటకూడదన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో గాని, దానికి ఆధారం లేదు. రెండు పంక్తులు హాయిగా చదవవచ్చు, మూడవది వచ్చిందంటే స్లైడ్‌లో రెండు సంగతులు ఇరుక్కున్నాయని అర్థం. పవర్‌పాయింట్ సాధారణ టెంప్లేట్‌లో శీర్షిక అక్షరం 44 పాయింట్లు ఉంటుంది కాబట్టే వాక్యం పట్టదనిపిస్తుంది. దాన్ని 28కి తగ్గించి ఎడమవైపు జరిపితే సరిపోతుంది. ప్రతి స్లైడ్‌కూ వాక్యం ఉండాలన్నది కూడా అపోహే: మొదటి పేజీకి, విభాగాలను వేరుచేసే పేజీలకు, అనుబంధంలోని పట్టికలకు పేరు చాలు, ఎందుకంటే అవి వాదనలో మెట్లు కావు.

వాదన నిలిచిందో లేదో చూసే పద్ధతి మాత్రం వివరంగా చెప్పాలి. `View` లో `Outline View` తెరిచి, ఏదైనా స్లైడ్ మీద రైట్ క్లిక్ చేసి `Collapse` లో `Collapse All` నొక్కితే శీర్షికలు మాత్రమే వరుసగా కనిపిస్తాయి. కొన్ని స్లైడ్ల పక్కన ఖాళీ కనిపిస్తే, వాటి శీర్షికను నిర్దేశిత పెట్టెలో కాక విడి టెక్స్ట్ బాక్సులో రాశారని అర్థం. ముందుగా దాన్ని సరిచేయాలి. తర్వాత ఒక్కొక్క శీర్షికకూ దాని కిందిదానికీ మధ్య ‘ఎందుకంటే’, ‘అయితే’, ‘కాబట్టి’ అన్న మాటల్లో ఏది అతుకుతుందో పెట్టి చదవాలి. వరుసగా ‘ఇంకా’, ‘ఇంకా’ అన్నది తప్ప మరేదీ అతకకపోతే అక్కడ ఉన్నది వాదన కాదు, జాబితా. అటువంటి చోట నేను శీర్షికలను దిద్దడం ఆపి, ఆ స్లైడ్లు చదివినవారు ఏ నిర్ణయం తీసుకోవాలని కోరుకుంటున్నారో చెప్పమని రాసినవారిని అడుగుతాను. వారు నోటితో చెప్పిన జవాబును అలాగే కాగితం మీద రాసుకుంటే, పై స్లైడ్ల శీర్షికల్లో సగం అందులోనే దొరుకుతాయి.