పైసా పంచని కంపెనీకి విలువ కట్టడం: అపోహలు - వాస్తవాలు

ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడిపే అన్నదమ్ములు ఆమధ్య ద్వారకానగర్‌లోని మా ఆఫీసుకి వచ్చారు. తమ్ముడు తన వాటా అన్నకి అమ్మేసి హైదరాబాద్ వెళ్లిపోతానంటున్నాడు. అన్న కూర్చోగానే అడిగిన ప్రశ్న ఇది: "సార్, ఇన్నేళ్లలో మేం ఒక్క రూపాయి డివిడెండ్ పంచుకోలేదు. దేన్ని పట్టుకుని విలువ కడతారు?" వాళ్ల అసలు అంకెలు ఇక్కడ చెప్పను. లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా మూడేళ్లకు కుదించి, గుండ్రటి అంకెలు వేశాను.

అపోహ: డివిడెండ్ లేకపోతే డివిడెండ్ పద్ధతి పనికిరాదు. రెసిడ్యువల్ ఇన్‌కమ్, అంటే వాటాదారులు ఆశించేది పోను మిగిలే లాభాన్ని లెక్కేసే పద్ధతిలో విలువ వేరేగా వస్తుంది.

వాటాదారుల సొంత పెట్టుబడి 100 లక్షలు, ఏటా నికర లాభం 15 లక్షలు అనుకుందాం. ఇంతే రిస్కున్న మరో చోట పెడితే ఆ డబ్బుకి 12 శాతం వస్తుంది. మూడో ఏడాది చివర యూనిట్ మూసేసి 100 లక్షలు వెనక్కి తీసుకుంటారు.

ముందు డివిడెండ్ పద్ధతి, అంటే వాటాదారుల చేతికొచ్చే డబ్బుని పట్టుకుని విలువ కట్టడం. లాభమంతా ఏటా పంచితే చేతికొచ్చేది 15, 15, చివర 115. వీటిని 12 శాతంతో నేటి విలువకి తెస్తే 13.39, 11.96, 81.86. మొత్తం 107.21 లక్షలు.

ఇప్పుడు రెసిడ్యువల్ ఇన్‌కమ్. 100 లక్షలకి వాటాదారులు ఆశించేది 12, వచ్చింది 15. పైన మిగిలింది ఏటా 3. ఈ మూడేళ్ల మిగుళ్ల నేటి విలువ 7.21. దానికి ఖాతా పుస్తకాల్లో ఉన్న సొంత పెట్టుబడి, అంటే పుస్తక విలువ 100 కలిపితే మళ్లీ అదే 107.21.

మరి వీళ్లలా ఏమీ పంచకపోతే? లోపలే ఉంచిన లాభం కూడా 12 శాతమే సంపాదిస్తే, రెండో ఏడాది లాభం 16.8 అవుతుంది. పెట్టుబడి 115కి పెరిగింది కాబట్టి ఆశించేది 13.8. మిగులు మళ్లీ 3. చివర ఒకేసారి 150.62 చేతికొస్తుంది, దాని నేటి విలువ కూడా 107.21. డివిడెండ్ పద్ధతి ఇక్కడ కూడా పనిచేసింది. కాకపోతే దానికి చివరి రోజు వచ్చే అంకె కావాలి, రెసిడ్యువల్ ఇన్‌కమ్‌కి ఈరోజు పుస్తకాల్లో ఉన్న అంకెతోనే పని మొదలవుతుంది. పంచని కంపెనీలకి నేను రెండోదాన్నే ముందు పట్టుకుంటాను. ఊహ మీద ఆధారపడే భాగం 107లో 7 మాత్రమే.

అపోహ: ఈవీఏ, అంటే ఎకనామిక్ వాల్యూ యాడెడ్, ఇంకేదో పెద్ద కంపెనీల లెక్క.

ఆలోచన అదే, కాకపోతే అప్పునీ కలిపి చూస్తుంది. పై కంపెనీకి 100 లక్షల అప్పు కూడా ఉంది, పన్ను పోను వడ్డీ 8 అనుకోండి. వడ్డీ తీయకముందు, పన్ను పోయాక లాభం 23. మొత్తం పెట్టుబడి 200కి సగటు ఖర్చు 10 శాతం, అంటే 20. మిగిలింది 3. తరచూ కనిపించే తప్పు ఏమిటంటే, వడ్డీ తీసేసిన 15 లోంచే ఈ 20 తీయడం. వడ్డీ రెండుసార్లు పోయి, బాగున్న కంపెనీ నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

అపోహ: పుస్తక విలువ పెంచి చూపిస్తే రెసిడ్యువల్ ఇన్‌కమ్ విలువ కూడా పెరిగిపోతుంది.

తమ్ముడి అనుమానం ఇదే. రాని బాకీ 10 లక్షలు ఇంకా ఆస్తిగానే చూపిస్తున్నారని అతని ఫిర్యాదు. సరే, ఏటా 15 పంచే మొదటి లెక్కలోనే పుస్తక విలువ 110 అనుకుని చూద్దాం. మొదటి ఏడాది ఆ బాకీ కొట్టేస్తే లాభం 5కి పడుతుంది, ఆశించేది 13.2. మిగులు మైనస్ 8.2. దాని నేటి విలువ మైనస్ 7.32. తర్వాతి రెండేళ్ల 3, 3 కలిపి 4.53. 110 లోంచి 7.32 తీసి 4.53 కలపండి, 107.21. పెంచిన అంకె తనంతట తానే తగ్గిపోయింది. బాకీ కొట్టేయడాన్ని అంచనాల్లో చూపకపోతే మాత్రం తప్పు అలాగే నిలిచిపోతుంది.

నిజంగా దెబ్బతీసేది వేరే ఉంది. పుస్తక విలువ 100గా ఉన్న మొదటి లెక్కలోనే, రెండో ఏడాది చివర స్థలం విలువ 20 లక్షలు పెంచి, దాన్ని లాభనష్టాల ఖాతాకి తేకుండా నేరుగా రిజర్వులో వేశారనుకోండి. చివర యూనిట్ మూసినప్పుడు ఆ 20 కూడా చేతికొస్తుంది. డివిడెండ్ లెక్కలో విలువ 121.44 అవుతుంది. రెసిడ్యువల్ ఇన్‌కమ్‌లో మూడో ఏడాది పెట్టుబడి 120 అయింది, లాభం 15గానే ఉంది, మిగులు 0.6కి పడిపోయింది. విలువ 105.50. రెండింటికీ తేడా 15.94. ఆ 20 లక్షల్ని రెండేళ్లు వెనక్కి తెస్తే వచ్చేది సరిగ్గా ఆ అంకే. రెండు పద్ధతులూ కలవనప్పుడు నేను మొదట తేడాని 12 శాతం చొప్పున పెంచుతూ ఒక్కో ఏడాదికి ముందుకి తీసుకెళ్లి చూస్తాను. ఏ ఏడాదిలో గుండ్రటి అంకె తేలితే ఆ ఏడాది రిజర్వుల షెడ్యూల్ తెరుస్తాను.