‘డివైస్ రిమూవ్డ్’ అంటే కార్డు పోయిందని కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఒకబ్బాయి ఫోన్ చేశాడు. “అన్నా, పాత గ్రాఫిక్స్ కార్డు అమ్మేసి కొత్తది వేశాను. గేమ్ ఓపెన్ చేస్తే మళ్లీ అదే ‘డివైస్ రిమూవ్డ్’ ఎర్రర్. ఇది కూడా పోయిందా?” గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. డబ్బు ఇంట్లోవాళ్లది, సలహా ఎవరో వీడియోలో ఇచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కాబట్టి ముందు అదే తేల్చేద్దాం.

అపోహ: ‘రిమూవ్డ్’ అని వచ్చిందంటే కార్డు చెడిపోయింది, లేదా స్లాట్‌లో వదులైంది

ఆ మాట రాసింది కార్డును చూసి కాదు. ఆట గ్రాఫిక్స్ కార్డుకు పని అప్పగిస్తూ ఉంటుంది. కార్డు రెండు సెకన్లు దాటినా బదులివ్వకపోతే విండోస్ ఇక ఆగదు, డ్రైవర్‌ను రీసెట్ చేస్తుంది. దీన్ని టీడీఆర్ అంటారు, విస్టా కాలం నుంచీ ఉంది. రీసెట్ అయ్యాక ఆట చేతిలో ఉన్న పాత కనెక్షన్ చెల్లదు. ఆట మళ్లీ పని అప్పగించబోతే “నీకు తెలిసిన ఆ డివైస్ ఇప్పుడు లేదు” అని జవాబు వస్తుంది. తెర మీద కనిపించే `DXGI_ERROR_DEVICE_REMOVED` అదే. డ్రైవర్‌లో బగ్ ఉన్నా, కరెంటు సరిగా అందకపోయినా, ఓవర్‌క్లాక్ ఎక్కువైనా, కార్డు నిజంగా చెడిపోయినా చివరికి కనిపించేది ఆ ఒక్క వాక్యమే. అది చూసి కార్డు మార్చడమంటే, జ్వరం వచ్చిందని మాత్రమే విని ఆపరేషన్‌కు సిద్ధపడటం.

కొన్ని ఆటల లాగ్ ఫైల్‌లో ఇంకాస్త వివరం దొరుకుతుంది. `0x887A0006` ఉంటే కార్డు వేలాడిపోయిందని (హంగ్), `0x887A0020` ఉంటే డ్రైవర్ లోపలే లోపం వచ్చిందని అర్థం. `0x887A0005` ఒక్కటే ఉంటే అది పెద్దగా ఏమీ చెప్పదు. ఏదైనా సరే, ఇవి దారి చూపిస్తాయి తప్ప తీర్పు చెప్పవు.

నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఒక్క ఆటలోనేనా, బరువైన ఆటలన్నిటిలోనూనా? ఒక్క ఆటే అయితే స్క్రూడ్రైవర్ తీయను. డ్రైవర్, బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములైన షేడర్లను దాచుకునే షేడర్ క్యాష్, ఆటకు వచ్చిన కొత్త ప్యాచ్, ఆట మీద తమ బొమ్మ చూపించే ఓవర్లే ప్రోగ్రాములు, వీటినే చూస్తాను. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన కొన్ని ఆటలు `-dx11` అనే లాంచ్ ఆప్షన్‌తో తెరుచుకుంటాయి. అలా తెరిచి ఆడితే క్రాష్ ఆగిందనుకోండి, కార్డు మీద అనుమానం చాలావరకు పోయినట్టే. అన్ని ఆటల్లోనూ అయితే హార్డ్‌వేర్ వైపు చూడాలి. హార్డ్‌వేర్ అంటే కార్డు ఒక్కటే కాదు.

అపోహ: లేటెస్ట్ డ్రైవర్ వేస్తే చాలు

నిన్నటిదాకా బాగా నడిచి, డ్రైవర్ అప్‌డేట్ చేసిన మర్నాడే మొదలైతే లేటెస్టే దోషి కావచ్చు. అప్పుడు వెనక్కి వెళ్లాలి. పాతదాని మీదే కొత్తది ఎక్కిస్తూ పోతే కొన్నిసార్లు పాత ముక్కలు మిగిలిపోతాయి. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డ్రైవర్‌ను పూర్తిగా తీసేసే డీడీయూ అనే ప్రోగ్రాముతో శుభ్రంగా తుడిచి, క్రాష్ లేని రోజుల్లో వాడిన వెర్షన్ వేయండి. ఇంటర్నెట్ తీయమన్నది ఎందుకంటే, మీరు తుడిచి రీస్టార్ట్ చేసేలోపే విండోస్ తనకు నచ్చిన డ్రైవర్‌ను తెచ్చి పెడుతుంది. ఇంత చేశాక కూడా రెండు వేర్వేరు వెర్షన్లలో క్రాష్ అలాగే ఉంటే డ్రైవర్‌ను వదిలేయండి. ఒకాయన వరసగా పదకొండు వెర్షన్లు మార్చి చూశానని చెప్పాడు. ఓపికకు దండం పెట్టాను. ఆ పదకొండు సాయంత్రాలూ మాత్రం వృథా.

అపోహ: హీట్ వల్లే

ఆట తెరిచిన ఇరవై సెకన్లకే క్రాష్ అయితే హీట్ కావడం అరుదు. చల్లగా ఉన్న కార్డు పూర్తి వేడికి చేరడానికి నిమిషాలు పడుతుంది. పైగా వేడెక్కిన కార్డు ముందు వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. సగటు కార్డు కోర్ 80 డిగ్రీల దగ్గర ఉందని కంగారు పడనక్కర్లేదు. అయితే ఒకటి చూడాలి. సెన్సర్ల అంకెలు చూపించే HWiNFO ప్రోగ్రాములో చాలా కార్డులకు కోర్ ఉష్ణోగ్రత పక్కనే హాట్‌స్పాట్ అని ఉంటుంది, అంటే చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు. రెంటికీ తేడా మామూలుగా పది, ఇరవై డిగ్రీలు. ఆట తెరవగానే కోర్ 65 దగ్గరే ఉండి హాట్‌స్పాట్ వంద దాటేస్తుంటే చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయిందో, కూలర్ సరిగా కూర్చోలేదో చూడాలి. ఆ తేడా లేకపోతే పక్క ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం లాంటివి మానేయండి.

అపోహ: పవర్ తక్కువైతే పీసీ ఆఫ్ అయిపోవాలి కదా, నాది ఆఫ్ అవట్లేదు

ఇక్కడే చాలామంది పొరపడతారు, మొదట్లో నేనూ పొరపడ్డాను. పవర్ సప్లయ్ తన రక్షణ కోసం ఆగిపోతే పీసీ మొత్తం ఆఫ్ అవుతుంది, నిజమే. విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో Kernel-Power 41 కనిపిస్తుంది. కానీ దానికంటే ముందు ఇంకో దశ ఉంది. పీసీ నడుస్తూనే ఉంటుంది, కార్డుకు వెళ్లే 12 వోల్ట్‌ల లైన్ మాత్రం ఒక్క క్షణం కుంగుతుంది. కార్డు తడబడుతుంది, బదులివ్వదు. రెండు సెకన్లు గడుస్తాయి, విండోస్ రీసెట్ చేస్తుంది, మీకు ‘రిమూవ్డ్’ కనిపిస్తుంది.

ఆట తెరిచేటప్పుడే ఎందుకు? అంతవరకు కార్డు నిద్రలో ఉంటుంది, క్లాక్ రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆట మొదలవగానే ఒక్క ఊపున రెండు వేలు దాటుతుంది. లోగోలు, మెనూ వచ్చే చోట చాలా ఆటలు ఫ్రేమ్ రేట్‌కు పరిమితి పెట్టవు, దాంతో కార్డు సెకనుకు వందల ఫ్రేములు గీసేస్తుంది. అదే సమయంలో షేడర్లు కంపైల్ అవుతూ ప్రాసెసర్ కూడా నిండా లాగుతుంది. డబ్బా మీద 220 వాట్లు అని ఉన్న కార్డు మిల్లీసెకన్ల పాటు అంతకంటే బాగా ఎక్కువే లాగుతుంది. ఆ సంఖ్య సగటు మాత్రమే. ఇలాంటి కుదుపులను లెక్కలోకి తీసుకునే ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో పవర్ సప్లయ్ తన సామర్థ్యానికి రెట్టింపును 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టారు. పాత సప్లయ్‌లకు ఆ నియమం లేదు.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం. అతని పవర్ సప్లయ్ 550 వాట్లది, ఏడేళ్ల పాతది. కొత్త కార్డుకు రెండు 8-పిన్ సాకెట్లు. ఈవెంట్ వ్యూయర్ తెరిపించాను:

```
eventvwr.msc
```

విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ విభాగం. క్రాష్ అయిన ప్రతిసారీ 4101, అంటే డిస్‌ప్లే డ్రైవర్ ఆగి తిరిగి కోలుకుంది. 41 ఒక్కటీ లేదు. “చూశావా అన్నా, పవర్ బాగానే ఉంది” అన్నాడు. తొందరపడకు అన్నాను.

క్రాష్ సమయానికి కోర్ 54, హాట్‌స్పాట్ 66. హీట్ అక్కడితో పోయింది. డీడీయూతో డ్రైవర్ రెండుసార్లు మార్చాం, తేడా లేదు. అప్పుడు కార్డు సెట్టింగులు మార్చే MSI Afterburner ప్రోగ్రాములో పవర్ లిమిట్ 70 శాతానికి దించి ఆట తెరవమన్నాను. గంట ఆడాడు, ఏమీ కాలేదు. మళ్లీ 100కి పెడితే మెనూలోనే పడిపోయింది. మూడుసార్లు ఇలా అటూ ఇటూ మార్చాం, మూడుసార్లూ అంతే. ఒక్కసారి చూసి ఏదీ తేల్చకూడదు, ఈ క్రాష్‌లు కొన్నిసార్లు వాటంతటవే ఒక రోజు సెలవు తీసుకుంటాయి.

ఇంకా ఒక అనుమానం మిగిలింది. తయారీదారు పెంచి పంపిన క్లాక్‌ను ఆ చిప్ మోయలేకపోతుందేమో? పవర్ లిమిట్ 100లోనే ఉంచి, కోర్ క్లాక్ మాత్రం 100 మెగాహెర్ట్జ్ తగ్గించాం. అయినా పడిపోయింది. వేగం తగ్గితే క్రాష్ ఆగలేదు, లాగే కరెంటు తగ్గితే ఆగింది. వేలు ఎటు చూపిస్తోందో అర్థమైంది కదా.

పక్క ప్యానెల్ తీసి ఫొటో పంపమన్నాను. సప్లయ్ నుంచి ఒకే కేబుల్ వస్తోంది, దాని చివర్లో రెండు తలలు, రెండూ కార్డుకే పెట్టి ఉన్నాయి. ఆ ఒక్క కేబుల్ మీదే మొత్తం భారం. HWiNFOలో కార్డు 8-పిన్ ఇన్‌పుట్ వోల్టేజ్ ఆట నడుస్తుండగా 11.5 దగ్గరికి దిగుతోంది. 12 వోల్ట్‌లకు కింది హద్దు 11.4. HWiNFO సెకనుకో, రెండు సెకన్లకో ఒకసారి చూస్తుంది, మిల్లీసెకన్ కుంగుబాటు దానికి కనిపించదు. కనిపించే అంకే హద్దు అంచున ఉంటే, కనిపించనిది ఎక్కడుందో ఊహించుకోవచ్చు.

సప్లయ్‌తో పాటు వచ్చిన రెండో కేబుల్ ఇంకా డబ్బాలోనే ఉంది. అది వేసి, ఒక్కో సాకెట్‌కు ఒక్కో కేబుల్ ఇచ్చాం. అంకె 11.8కి వచ్చింది. ఆట తెరిచిన ప్రతిసారీ వచ్చే క్రాష్ రెండు రోజులకొకసారి అయింది. బాగుపడింది, కానీ తీరలేదు. స్నేహితుడి సప్లయ్ అడిగి తెచ్చి పెట్టాడు. పది రోజులు ఒక్కటీ లేదు. ఆ తర్వాతే కొత్త సప్లయ్ కొన్నాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. స్నేహితుడి సప్లయ్ తెస్తే దాని కేబుళ్లు కూడా తేవాలి. ఊడదీసే కేబుళ్లలో సప్లయ్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. సరిగ్గా దూరినా తప్పు వోల్టేజ్ వెళ్లి డిస్కులు, బోర్డు కాలిపోతాయి. కాలినవి చూశాను.

అపోహ: రిజిస్ట్రీలో TdrDelay పెంచితే పోతుంది

పోదు. రెండు సెకన్ల ఓపికను అరవై చేస్తారు, అంతే. వేలాడిన కార్డు అరవై సెకన్లు వేలాడుతుంది, మీరు నల్ల తెర చూస్తూ కూర్చుంటారు.

మరి కార్డు నిజంగా పోయేది ఎప్పుడు?

పవర్ లిమిట్ తగ్గించినా, క్లాక్ తగ్గించినా పడిపోతుంటే, ఆట తెరవకముందే తెర మీద రంగుల గళ్లు, చుక్కలు కనిపిస్తుంటే అప్పుడు కార్డును అనుమానించండి. అప్పుడు కూడా కొనడానికి ముందు ఆ కార్డును మంచి సప్లయ్ ఉన్న ఇంకో పీసీలో పెట్టి అదే ఆట తెరవండి. అక్కడా పడిపోతే వారంటీ కాగితం వెతకండి. ఆ అబ్బాయి ఈ ఒక్క పని చేయలేదు. అతను అమ్మేసిన పాత కార్డు కొన్నవాళ్ల దగ్గర ఏ గొడవా లేకుండా నడుస్తోందట.