తిట్టిన కామెంట్‌కి రిప్లై వీడియో చేయడం: అపోహలు - వాస్తవాలు

ట్యుటోరియల్ ఛానల్స్‌కి స్క్రిప్ట్, ఎడిటింగ్ చూసుకోవడం నా పని. అందులో ఎక్కువ గొడవపడి తిరగరాయాల్సి వచ్చేవి కామెంట్లకి ఇచ్చే రిప్లై వీడియోలే. ఊరికే సూత్రాలు చెప్పేకన్నా ఒకే కామెంట్ పట్టుకుని మాట్లాడుకుందాం. ఒక ఎక్సెల్ ఛానల్లో, ఒక విలువని టేబుల్లో వెతికి ఆ వరుసలో ఉన్న వివరం తెచ్చిపెట్టే VLOOKUP ఫార్ములా వీడియో కింద ఇది పడింది: "వేస్ట్ వీడియో. నువ్వు చెప్పినట్టే చేశా, కిందకి లాగితే సగం #N/A వస్తున్నాయి. నీకే రాదు, ఇంకోళ్లకి చెప్తావా."

అపోహ: తిట్టాడంటే అందులో విషయం లేనట్టే, డిలీట్ కొట్టేయడమే.

వాస్తవం: మన మీద అన్న మాటలన్నీ కొట్టేసి చూడండి, మిగిలేది ఏంటి అని. ఇక్కడ "వేస్ట్", "నీకే రాదు", "చెప్తావా" తీసేస్తే కిందకి లాగితే సగం #N/A వస్తున్నాయి, అంటే వెతికినవి దొరకట్లేదు అనే ముక్క అలాగే ఉంటుంది, అది మనం కూర్చుని చెక్ చేసుకోగలిగే విషయం. కొన్ని కామెంట్లకి ఇలా చేస్తే ఏమీ మిగలదు, మొహం గురించో గొంతు గురించో కులం గురించో అన్నవే ఉంటాయి, వాటికి వీడియో వద్దు, హైడ్ చేసేయండి. మర్యాదగా ఉందా లేదా అన్నది అసలు కొలతే కాదు, ఎంతో మర్యాదగా రాసిన కామెంట్లలో కూడా చెక్ చేయడానికి ఒక్క ముక్క ఉండదు ఒక్కోసారి.

చెక్ చేయడం అంటే పాత వీడియో మళ్ళీ చూసి "కరెక్టే చెప్పాం కదా" అనుకోవడం కాదు, అతని పరిస్థితిలో కూర్చుని చేసి చూడటం. వీడియోలో రాసిన ఫార్ములా ఇది:

```
=VLOOKUP(D2,A2:B50,2,FALSE)
```

దీన్ని కిందకి లాగితే D2 కాస్తా D3 అవుతుంది, కానీ దాంతోపాటు A2:B50 కూడా A3:B51 అయిపోతుంది. అంటే ఒక్కో వరుస దిగే కొద్దీ టేబుల్ పైనుంచి ఒక్కో వరుస పోతూ ఉంటుంది. మరి వీడియోలో ఎందుకు బాగానే వచ్చిందంటే, డెమోలో A కాలమ్‌లో రోల్ నంబర్లు ఏ ఆర్డర్‌లో ఉన్నాయో D కాలమ్‌లో కూడా అదే ఆర్డర్, కాబట్టి వెతికేది ఎప్పుడూ మిగిలిన టేబుల్లో మొదటి వరుసలోనే దొరికింది. రెండు లిస్టుల ఆర్డర్ వేరువేరుగా ఉంటే టేబుల్లో పైన ఉన్నవి దొరకవు. అదే నంబర్లు అటూఇటూ అయి ఉంటే, మొత్తం మీద నిజంగానే సగం దాకా #N/A వస్తాయి. అతను కోపంలో "సగం" అని ఊరికే అనలేదన్నమాట, స్క్రీన్ మీద కనపడిందే రాశాడు!

అపోహ: ముందు మన తప్పు లేదని క్లియర్ చేసుకుని తర్వాత సాయం చేయాలి.

వాస్తవం: డిఫెన్సివ్‌గా మారేది సరిగ్గా ఈ "ముందు" దగ్గరే. ఛానల్ అతను నాకు పంపిన మొదటి డ్రాఫ్ట్ ఇలా ఉంది: "ఫార్ములా కరెక్టే అండి, చాలామందికి వచ్చింది, డాలర్ గుర్తు గురించి వేరే వీడియోలో ఆల్రెడీ చెప్పాను, అది చూసి ఇది చూడాలి." ఇందులో ఒక్క అబద్ధం లేదు. కానీ నాలుగు ముక్కల్లో ఒక్కటైనా #N/A గురించి ఉందా? అన్నీ చెప్పేవాడి గురించే. నేను డ్రాఫ్ట్ చదివేటప్పుడు "ఆల్రెడీ", "చాలామందికి", "మీరు సరిగ్గా" లాంటివి కనపడితే గుండ్రంగా చుట్టేస్తా, అవి ఉన్న వాక్యం తీసేస్తే వీడియోకి ఏమీ తగ్గదు, ఎప్పుడైనా ట్రై చేసి చూడండి.

చివరికి రికార్డ్ చేసింది ఇది: "VLOOKUP కిందకి లాగితే సగం #N/A వస్తున్నాయా? నిజమే, నేను వీడియోలో రాసినట్టే రాస్తే వస్తుంది. చూడండి, రెండో వరుసలో A2 నుంచి ఉంది, ఇక్కడికి వచ్చేసరికి A9 అయిపోయింది, పైన ఉన్నవి టేబుల్లోంచి బయటికి పోయాయి. నా డెమోలో రెండు లిస్టులూ ఒకే ఆర్డర్‌లో ఉండటంతో ఇది బయటపడలేదు. ఫార్ములాలో A2:B50 సెలెక్ట్ చేసి F4 నొక్కండి, ఇలా డాలర్ గుర్తులు పడి రేంజ్ కదలకుండా లాక్ అవుతుంది, ఇప్పుడు లాగండి." స్క్రీన్ మీద ఇది:

```
=VLOOKUP(D2,$A$2:$B$50,2,FALSE)
```

తప్పు ఎంతవరకో అంతే ఒప్పుకున్నాడు, ఒక్క వాక్యంలో, ఎందుకు జరిగిందో కూడా చెప్పాడు. "సారీ ఫ్రెండ్స్, నేను ఇంకా నేర్చుకుంటున్నా" అని సాగదీస్తే అది కూడా మన గురించి మాట్లాడుకోవడమే. ఒకవేళ చెక్ చేస్తే పొరపాటు చూసేవాడిదే అని తేలినా లైన్ ఇదే, సమస్య ఎలా కనపడుతుందో మొదటి వాక్యం, ఎందుకు వస్తుందో రెండోది, ఆ తర్వాత పరిష్కారం. ఎవరిది తప్పు అని తీర్పు ఇవ్వక్కర్లేదు.

అపోహ: కామెంట్ మొత్తం చదివి వినిపిస్తేనే హుక్ అవుతుంది, కొంచెం కామెడీ ఉంటే తప్పేముంది.

వాస్తవం: వెటకారం స్క్రిప్ట్‌లో కన్నా చదివే తీరులోనూ ఎడిటింగ్‌లోనూ దూరుతుంది, అందుకే మాటలు ఎంత మర్యాదగా ఉన్నా చివరికి చురక వేసినట్టే ఉంటుంది. గొంతు మార్చి చదవడం, "నీకే రాదు" దగ్గర ఆగి కెమెరా వైపు చూడటం, స్పెల్లింగ్ తప్పు మీద జూమ్, వెనకాల ఆ టుస్సుమనే సౌండ్ ఎఫెక్ట్. "థాంక్యూ సర్, మీలాంటి పెద్దలు చెప్పాలి" కూడా ఇదే బ్యాచ్. నేను చేసేది ఏంటంటే స్క్రీన్ మీద "కిందకి లాగితే సగం #N/A వస్తున్నాయి" ముక్క ఒక్కటే టెక్స్ట్‌గా టైప్ చేస్తా, తిట్లు పెట్టను. స్క్రీన్‌షాట్ పెడితే పేరూ ఫోటో కూడా వచ్చేస్తాయి, అతని మీదకి జనాన్ని తోలినట్టు అవుతుంది. తిట్లు కత్తిరించడం మోసం కాదా అని ఒకరు అడిగారు, అతను అడిగిన విషయం మారనంతవరకు కాదు, కానీ "సగం" తీసేసి "కొన్ని" అని మెత్తగా చేస్తే అది మోసమే.

టెస్ట్ కావాలంటే కామెంట్ చూడని ఒకరికి వీడియో చూపించండి. "ఎవరో తిట్టారా నిన్ను?" అని అడిగారంటే ఎక్కడో మిగిలిపోయింది, వెతికి తీసేయాలి. ఇది కోపం మీద ఉన్నప్పుడు మనకి మనం చేసుకోలేం, అదే రోజు రికార్డ్ చేయొద్దు అనేది కూడా అందుకే.

అపోహ: వీడియో పెట్టేస్తే అయిపోయింది.

వాస్తవం: పాత వీడియో ఇంకా అలాగే ఉంది కదా, రేపు చూసేవాడికి మళ్ళీ #N/A వస్తుంది. యూట్యూబ్‌లో అదే లింక్ మీద ఫైల్ మార్చి పెట్టలేం, కాబట్టి కరెక్ట్ ఫార్ములా, కొత్త వీడియో లింక్ రెండూ పాత వీడియో కింద పిన్ చేసిన కామెంట్‌లో, డిస్క్రిప్షన్‌లో పెట్టాలి. తిట్టిన అతని కామెంట్ కింద కూడా రెండు ముక్కలు చాలు: "ఫార్ములాలో రేంజ్ లాక్ చేయలేదు, అందుకే వచ్చింది. సరిచేసిన వీడియో ఇది." అతను థాంక్స్ చెప్పకపోవచ్చు, మళ్ళీ తిట్టొచ్చు కూడా, దానికి ఇంకో వీడియో చేయకండి, అందులో చెక్ చేయాల్సిన కొత్త ముక్క ఉంటే తప్ప.

కొత్త వీడియో కింద కామెంట్లు ఏం మాట్లాడుతున్నాయో చూడండి. "F4 ల్యాప్‌టాప్‌లో పనిచేయట్లేదు" లాంటివి వస్తుంటే వీడియో దారిలోనే ఉంది, కొన్ని కీబోర్డుల్లో Fn పట్టుకుని F4 నొక్కాలని అక్కడే చెప్పేయొచ్చు. "వాడికి బాగా ఇచ్చావ్ అన్నా" అనేవే ఎక్కువుంటే మాత్రం జనానికి ఫార్ములా కనపడలేదు, గొడవే కనపడింది. అప్పుడు ఆ మొదటి కొన్ని సెకన్లు మళ్ళీ చూసుకుని, కట్ చేయాల్సింది కట్ చేయాలి.