గుడ్డులో ఎర్ర మచ్చ ఉంటే పిల్ల ఉన్నట్టేనా? గుడ్డు వెజ్జా, నాన్‌వెజ్జా: అపోహలు - వాస్తవాలు

కోళ్ల డాక్టర్‌ని అని తెలిసిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే, గుడ్డు వెజ్జా నాన్‌వెజ్జా అని. నేను జవాబు మొదలుపెట్టేలోపే "ఫారం గుడ్డులో ప్రాణం ఉండదు కదా, అది వెజ్జే కదా" అని తీర్పు కూడా వాళ్లే చెప్పేస్తారు. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం దగ్గరకి తర్వాత వస్తాను, ముందు జనాన్ని ఎక్కువ హడలెత్తించే అపోహ సంగతి చూద్దాం.

అపోహ: గుడ్డు పగలగొడితే ఎర్ర మచ్చ కనిపించింది, అంటే లోపల పిల్ల తయారవుతోంది.

కాదు. పచ్చసొన పెట్ట అండాశయంలో ఒక పలుచటి సంచిలో పెరుగుతుంది. ఆ సంచి మీద రక్తనాళాలు లేని సన్నని గీత ఒకటి ఉంటుంది, సంచి అక్కడే చీలి సొన బయటికి రావాలి. చీలిక కాస్త పక్కకి పోతే చిన్న నాళం తెగి, ఒక చుక్క రక్తం సొనకి అంటుకుంటుంది. అంతే. పుంజు మొహం చూడని పెట్ట గుడ్డులోనూ ఇది వస్తుంది, గోధుమరంగు పెంకు గుడ్లు పెట్టే జాతుల్లో ఇంకొంచెం ఎక్కువగా వస్తుంది.

ఈ మధ్య ఒకావిడ ఫోన్ చేసి దాదాపు ఏడ్చేశారు. ఇంట్లో తినరట, పిల్లాడి బలం కోసం మాత్రం ప్రాణం లేని గుడ్డే కదా అని పెడుతున్నారట, ఆ రోజు చుక్క కనిపించేసరికి "పిల్లని చంపేశానా డాక్టర్ గారూ" అంటారు. ఫొటో పంపమన్నాను. సొన అంచున విడిగా ఒక్కటే చుక్క ఉంది, సొన మీద చిన్న తెల్ల మచ్చ వేరే చోట ఉంది. పిండమే అయితే రక్తనాళాలు ఆ తెల్ల మచ్చ చుట్టూ సాలెగూడులా పాకుతాయి, అదీ గుడ్డుని 37.5 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు పొదిగిస్తేనే. "మీరు ఎవర్నీ చంపలేదమ్మా, స్పూన్‌తో ఆ చుక్క తీసేసి వండుకోండి" అన్నాను. ఇలాంటి మచ్చల ఫొటోలకి 'కోడిపిల్ల గుండె' అని పేరు పెట్టి ఫార్వర్డ్ చేసేవాళ్లకి ఏం పుణ్యమో!

సరే, ఫలదీకరణ జరిగిందో లేదో చూసుకోవాల్సింది ఆ తెల్ల మచ్చలోనే. జరగని గుడ్డులో అది చిన్నగా, చిక్కగా, అంచులు వంకరగా ఉంటుంది. జరిగిన గుడ్డులో కాస్త పెద్దదై, గుండ్రటి వలయంలా విచ్చుకుంటుంది. అప్పుడే పెట్టిన గుడ్డుని పగలగొట్టకుండా, లైటుకి పట్టి చూసి ఇది చెప్పలేం. సొనకి రెండు పక్కలా కనిపించే మెలితిరిగిన తెల్ల దారాలు పిండమూ కాదు, పుంజు వీర్యమూ కాదు, సొనని మధ్యలో పట్టి ఉంచే తాళ్లు. పెంకు రంగుకీ ఫలదీకరణకీ అసలు సంబంధమే లేదు, అది జాతిని బట్టి.

ఇక ఆ రెండో సగం. గుడ్లకోసం పెంచే ఫారాల్లో పుంజులు ఉండవు, పెట్ట పుంజు లేకుండానే గుడ్డు పెడుతుంది, కాబట్టి అందులో పిండం ఉండదు, నిజమే. కానీ పిండం లేకపోతే శాకాహారం అయిపోతుందా? పిండం ఉందా అనేది ఒక ప్రశ్న, జంతువు నుంచి వచ్చిందా అనేది ఇంకోటి. మన దేశంలో ప్యాకెట్ల మీద గుర్తులు పెట్టే ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమాలు రెండోదే చూస్తాయి: గుడ్డు మాంసాహారం కిందే లెక్క, పాలు, తేనె లాంటివాటికి మినహాయింపు, ఫలదీకరణ ప్రస్తావనే లేదు. అందుకే గుడ్డు వేసిన కేక్‌కి ఆకుపచ్చ గుర్తు రాదు. గుడ్డు తినే శాకాహారులు ప్రపంచమంతా ఉన్నారు, అది వాళ్లు గీసుకున్న గీత, దాన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని. నా చిరాకంతా కోడి శాస్త్రం ఈ తగువు తీర్చేసిందని చెప్పేవాళ్లమీదే.

హింస గురించే మీ బాధ అయితే మాత్రం ఒకటి దాచను: గుడ్ల జాతిలో పుట్టే మగపిల్లలు గుడ్లు పెట్టవు, మాంసానికీ త్వరగా ఎదగవు, హేచరీలో చాలావాటిని మొదటి రోజే చంపేస్తారు. మీ చేతిలోని గుడ్డులో పిండం లేకపోవడం దాన్ని మార్చదు.

నాటుకోళ్లు పెంచుతూ, పిండం ఉన్న గుడ్డు వద్దనుకునేవాళ్లు పుంజుని వేరు చేయగానే నిశ్చింత అనుకోవద్దు. పెట్ట ఒంట్లో వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే నిలవ ఉంటుంది. మూడు వారాలు పోనిచ్చి, ఆ తర్వాత పెట్టిన గుడ్లు వాడుకోండి.