ఒక్క రూపాయి ట్రయల్, 499 రూపాయల కోత: ఆటోపే గొడవ వెనక కథ

ఒక్క రూపాయికి వారం ట్రయల్ అని చూపి, ఎనిమిదో రోజు 499 లాగేసే యాప్‌ల మీద మళ్లీ గొడవ రేగింది. ‘మీరు ఒప్పుకున్నాకే కదా’ అన్నది కంపెనీల జవాబు. అది ఎంతవరకు చెల్లుతుందో 2021 అక్టోబరు 1న తేలిపోయింది.

అప్పటిదాకా నెలనెలా కోత ఆపాలంటే కార్డు వివరాలు దాచుకున్న వ్యాపారినే బతిమాలుకోవాలి. రిజర్వు బ్యాంకు 2019లోనే నిబంధనలు ఇచ్చినా, బ్యాంకులు సిద్ధంగా లేక గడువు జరిగి, ఆ రోజు నుంచి గట్టిగా అమలైంది. కోతకు కనీసం 24 గంటల ముందు వ్యాపారి పేరు, మొత్తం, తేదీతో సమాచారం రావాలి. వద్దంటే అక్కడే ఆపుకునే వీలుండాలి. యూపీఐ ఆటోపేకీ ఇదే వర్తిస్తుంది.

అయితే 2022 జూన్‌లో ఓటీపీ అడగని కోతల పరిమితి 5,000 నుంచి 15,000కు పెరిగింది. 499 ఆ పరిమితి లోపే కాబట్టి రూపాయి ట్రయల్ కిటుకు ఇక్కడే పనిచేస్తుంది. పిన్ కొట్టే తెరమీద రూపాయి పెద్దగా, ‘upto ₹499’ చిన్నగా ఉంటుంది. మనం ఒప్పుకున్నది ఆ రెండోదానికి.

యాప్ తీసేస్తే మ్యాండేట్, అంటే డబ్బు కోసుకోవడానికి మీరిచ్చిన అనుమతి, పోదు. యూపీఐ యాప్‌లో Autopay విభాగం తెరిచి, ఆ వ్యాపారి పేరు నొక్కి, Revoke లేదా Cancel ఎంచుకుని పిన్ కొట్టాలి. కార్డయితే బ్యాంకు సైట్‌లో ఈ-మ్యాండేట్ల పేజీలో రద్దు చేయాలి. తర్వాత సబ్‌స్క్రిప్షన్‌ను కూడా రద్దు చేయండి. లేదంటే బాకీ ఉందని అడగొచ్చు. రద్దయిన తెరను తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి ఉంచుకోండి.

ఉదాహరణకు 10న 499 పోయింది. 9నే రద్దు చేసి ఉంటే అది అనుమతి లేని కోత. మూడు పని రోజులు దాటకుండా లావాదేవీ నంబరుతో బ్యాంకుకు రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 10 తర్వాత రద్దు చేసి ఉంటే దాన్ని మోసమని రాయకండి. మ్యాండేట్‌కు మీ పిన్ ఉందని బ్యాంకు తోసిపుచ్చుతుంది. వ్యాపారిని రిఫండ్ అడుగుతూ, బ్యాంకును మాత్రం ఒక్కటే అడగండి: 24 గంటల ముందు పంపిన సమాచారం రికార్డు చూపండి. అది లేకపోతే తప్పు మీ వైపు లేదు.

బ్యాంకు కాదన్నా, 30 రోజుల్లో జవాబివ్వకపోయినా cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వ్యాపారి మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రద్దు బటన్ దాచడాన్ని 2023 నవంబరులో కేంద్రం ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ కింద చేర్చింది కాబట్టి, ఆ మాట వాడి, బటన్ కోసం వెతికిన తెరల ఫొటోలు జతచేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు లేదు.